డైమన్ ఆసు ముందు వేసి ఉంటే

రెండో హాస్టల్ మెట్ల కింద రాత్రి పదకొండు దాటాక సాగే బ్రిడ్జి ఆట మన బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. పక్కన రమ్మీ ఆడేవాళ్లు మమ్మల్ని చూసి "పేకలో కూడా పరీక్షలు రాస్తున్నార్రా వీళ్లు" అనేవాళ్లు. నాలుగో మనిషి దొరక్క ఆట మొదలవ్వని రోజులే ఎక్కువ. ఆ నాలుగో మనిషినే కంప్యూటర్లో తయారు చేద్దామని, ఫైనలియర్ ప్రాజెక్టు పేరుతో నేనూ నా రూమ్మేటూ దిగాం.

చదరంగంలో దాపరికం లేదు. బ్రిడ్జిలో ఆడేవాడికి తన చెయ్యి, బల్ల మీద పరిచిన తన జోడీ చెయ్యి మాత్రమే కనిపిస్తాయి. ఆ పరిచిన చెయ్యే డమ్మీ, దాని ముక్కలూ ఆడేవాడే వేస్తాడు. మిగతా 26 ముక్కలు ఇద్దరు ప్రత్యర్థుల దగ్గర 1,04,00,600 రకాలుగా ఉండొచ్చు. అన్నీ లెక్కపెట్టడం మన ల్యాబ్ మెషిన్ల వల్ల అయ్యే పని కాదు. అందుకే కనపడని ముక్కల్ని కలిపి ఓ వంద సార్లు పంచాలి. ప్రతి పంపకంలోనూ నాలుగు చేతులూ తెరిచి ఉన్నట్టే అనుకుని, ఏ ముక్క వేస్తే ఎన్ని పట్లు, అంటే నలుగురూ తలో ముక్క వేసే రౌండ్లు, మనకి వస్తాయో చూడాలి. వంద పంపకాల్లో సగటున ఎక్కువ పట్లు తెచ్చిన ముక్కే వెయ్యాలి. మాథ్యూ గిన్స్‌బర్గ్ రాసిన జిబ్ ప్రోగ్రామ్ ఈ పద్ధతితోనే ఆడి 1998లో కంప్యూటర్ బ్రిడ్జి ప్రపంచ చాంపియన్ అయింది. మాది అంత గొప్పదేం కాదు. పదమూడు ముక్కలప్పుడు లెక్క తేలేది కాదు కాబట్టి చివరి ఏడు ముక్కల నుంచే ఈ పని చేయించేవాళ్లం.

మొదటి వారం అది పిచ్చి ఆట ఆడింది. పంచిన చేతులన్నీ ప్రింటు తీసి చూస్తే తప్పు బయటపడింది. ఎడమవైపు వాడు రెండు పట్ల కిందటే కళావర్ లేక వేరే రంగు వేశాడు. మా ప్రోగ్రామ్ మాత్రం వాడికి హాయిగా కళావర్లు పంచుతూనే ఉంది. సరిపోని పంపకాల్ని పారేద్దామంటే ఆట చివర్లో దాదాపు అన్నీ చెత్తబుట్టకే పోయేవి. చివరికి, ఒకడికి లేని రంగు ముక్కల్ని ముందే రెండోవాడికి ఇచ్చేసి మిగతావే కలిపి పంచాం. తెలియని చేతులు రెండే కాబట్టి అలా చేసినా పంపకం ఒకవైపు మొగ్గదు. మూడు చేతులు తెలియని ఆటల్లో ఇంత సులువుగా కుదరదు.

అసలు దెబ్బ డెమోకి ముందురోజు రాత్రి తగిలింది. తురుపు లేని ఆట. ఒక్కొక్కరికి నాలుగు ముక్కలు మిగిలాయి, నాలుగు పట్లూ మాకే రావాలి. డమ్మీలో ఆఠీన్ ఆసు, జాకీ, మూడు, వాటితో పాటు డైమన్ ఆసు. చేతిలో ఆఠీన్ రాజు, పది, రెండు, ఇంకా డైమన్ నాలుగు. బయట ఆఠీన్లు రాణితో కలిపి ఐదు, డైమన్లు మూడు. రాణి ఎవరి దగ్గరుందో తెలిస్తే చాలు, ఎటువైపు ఉన్నా పట్టేయొచ్చు.

ఆడాల్సింది డమ్మీ. మనిషైతే డైమన్ ఆసు ముందు వేస్తాడు. ఎలాగూ గెలిచే ముక్క, ఎవరి దగ్గర ఏముందో కాస్త తెలుస్తుంది. ప్రోగ్రామ్ ఆఠీన్ మూడు వేసింది. తెరిచిన చేతుల్లో రాణి ఎక్కడుందో దానికి ప్రతిసారీ కనిపిస్తుంది కదా, అందుకే వందకి వంద పంపకాల్లోనూ ఈ రెండిట్లో ఏది వేసినా నాలుగు పట్లు వస్తాయని లెక్క తేలింది. సమానంగా వచ్చినవాటిలో లిస్టులో మొదటిది వెయ్యమని రాసింది నేనే.

కుడివైపు వాడు చిన్న ఆఠీన్ వేశాడు. ఇప్పుడు వాడి దగ్గర తెలియనివి మూడు ముక్కలు, ఎడమవైపు నాలుగు. కొత్తగా పంచిన చేతుల్లో వందకి 57 దాకా రాణి ఎడమవైపే పడింది. సరే అని రాజు వేసింది. ఎడమవైపు వాడి దగ్గరున్న ఒకే ఒక్క చిన్న ఆఠీన్ రాలింది. రాణి కుడివైపే ఉంది. ఒక పట్టు పోయింది.

డైమన్ ఆసు ముందు వేసి ఉంటే? కుడివైపు వాడు డైమన్ లేక ఆఠీన్ పారేసేవాడు. మూడు డైమన్లూ ఎడమవైపే, కాబట్టి అక్కడ ఆఠీన్ ఒక్కటే అని తేలిపోయేది. ఆఠీన్ ఆసు వేస్తే ఆ ఒక్కటీ రాలుతుంది. అది రాణి కాకపోతే రాణి కుడివైపు ఉన్నట్టే, మూడు వేసి పదితో లాగేయొచ్చు. ఊహించాల్సిన పనే లేదు. మా ప్రోగ్రామ్‌కి మాత్రం "ముందు తెలుసుకుందాం" అన్న మాటకి అర్థమే లేదు, ఎందుకంటే తాను ఊహించుకున్న ప్రతి లోకంలోనూ దానికి అంతా ముందే తెలుసు. పంపకాలు వంద కాదు పదివేలు చేసినా ఈ జబ్బు పోదు.

తెల్లవారుజామున నాలుగింటికి ఒక అతుకు వేశాను: సమానంగా వచ్చినవాటిలో, ఖాయంగా గెలిచే ముక్క ముందు వెయ్యి. డెమోలో అది మొదటి అవకాశానికే చేతిలో ఉన్న ఆసులన్నీ వరసపెట్టి కక్కేసింది. సార్ ఏమీ అనలేదు. బయటికొచ్చాక రూమ్మేట్ అన్నాడు, "అచ్చం నీలాగే ఆడుతోందిరా."