ఒక్క దుకాణం, మూడు ఫోన్ నంబర్లు: ఫ్రీ ట్రయల్ లెక్క సరిచేసుకున్న అనుభవం

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఎరువులు, విత్తనాల దుకాణాలకు మేం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తాం. మొదట 14 రోజుల ఫ్రీ ట్రయల్ పెట్టి, ఫోన్ నంబరుతో ఖాతా తెరవనిచ్చాం. ఒక జూన్‌లో 120 మంది కొత్తగా చేరారు, అదే నెలలో 18 మంది డబ్బు కట్టారు. 15 శాతం అని రాసుకున్నాం. ఆ లెక్క తప్పు.

కట్టిన 18 మందిలో 14 మంది ఏప్రిల్, మే నెలల్లో చేరినవాళ్లు. జూన్‌లో చేరి జూన్‌లోనే కట్టినవాళ్లు నలుగురే. వానాకాలం సాగు మొదలయ్యే నెల కాబట్టి చేరేవాళ్లు ఒక్కసారిగా పెరుగుతారు, కట్టేవాళ్లు ఆ వెనక వస్తారు. అందుకే ఒక నెలలో చేరినవాళ్లను ఒక గుంపుగా పట్టుకుని, ప్రతి ఖాతాకూ చేరిన రోజు నుంచి 60 రోజులు చూడాలి. అలా చూస్తే జూన్ గుంపులో కట్టినవాళ్లు 9 మంది. ఈ పద్ధతిలో జూన్ లెక్క ఆగస్టు చివర గానీ తేలదు. అంతకుముందు వచ్చే అంకెను నమ్మకూడదు.

ఇక 120 అనే అంకె. అందులో కొన్ని ఖాతాల మొదటి బిల్లు నంబరు 1 కాదు, 412 లాగా మధ్యలో మొదలైంది. జీఎస్టీ బిల్లుల వరుస ఆర్థిక సంవత్సరం లోపల తెగకూడదు. కాబట్టి ట్రయల్ అయిపోగానే ఇంకో సిమ్‌తో కొత్త ఖాతా తెరిచే దుకాణం పాత ఖాతా 411 దగ్గర ఆగితే ఇక్కడ 412 నుంచి మొదలుపెడుతుంది. అయితే వేరే సాఫ్ట్‌వేర్ వదిలి వచ్చిన కొత్త గిరాకీ కూడా ఇలాగే మొదలుపెట్టొచ్చు. రుజువు కోసం పాన్ చూడాలి. 15 అక్షరాల జీఎస్టీ నంబరులో మొదటి రెండు రాష్ట్రం కోడు, తెలంగాణకు 36. తర్వాతి పది అక్షరాలే పాన్.

```sql
SELECT substr(gstin, 3, 10) AS pan,
       count(*), min(joined)
FROM accounts
WHERE gstin IS NOT NULL
GROUP BY 1 HAVING count(*) > 1;
```

జీఎస్టీ నంబరు నింపిన ఖాతాలు 96, వాటి వెనక ఉన్న పాన్‌లు 80. నంబరు నింపని 24 ఖాతాల్లో ఒక్కటీ పది బిల్లులు దాటలేదు. అంటే నిజమైన దుకాణాలు 80, కట్టినవి 9, దాదాపు 11 శాతం. పది బిల్లులైనా కొట్టినవి 50. వాటిలో చూస్తే 18 శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కనే పెట్టుకోవాలి. మొదటిది తగ్గి రెండోది నిలబడితే ధరలో తప్పు లేదు, సరుకుల పట్టిక ఎక్కించే దగ్గరే జనం ఆగిపోతున్నారన్నమాట.

ఒకే పాన్ కనపడగానే ఖాతా మూసేయకూడదు. నల్లగొండలో దుకాణం, దేవరకొండలో బ్రాంచి ఒకే జీఎస్టీ నంబరు మీద నడవొచ్చు. బిల్లులు రెండుచోట్లా ఒకే రోజుల్లో పడుతుంటే అది బ్రాంచి. ఒకటి ఆగిన మర్నాడు ఇంకోటి మొదలైతే అది ట్రయల్‌ను తిప్పుకోవడం. ఇంట్లో ఇంకొకరి పాన్ మీద తెరిస్తే ఈ పద్ధతికి దొరకదు, దాని వెంట పడలేదు.

అసలు వాళ్లు ఎందుకు తిప్పుకుంటున్నారో మిర్యాలగూడ సేటు ఒకాయన ఒక్క మాటలో చెప్పాడు: "పద్నాలుగు దినాలల్ల ఏం తెలుస్తది సార్? రిటర్న్ ఏసే టైముకే బంద్ అయితది." నిజమే. అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్టీఆర్-1ను నెలనెలా వేసేవాళ్లకు గడువు తర్వాతి నెల 11. 3న చేరినవాడికి 17తో ట్రయల్ ముగుస్తుంది. మా సాఫ్ట్‌వేర్‌తో నిజంగా పని తగ్గేది ఆ రిపోర్టు దగ్గరే, అది చూడకుండానే డబ్బు అడుగుతున్నాం.

కాబట్టి ట్రయల్‌ను చేరిన తర్వాతి నెల 11 దాకా మార్చాం. 20 తర్వాత చేరితే ఆ పై నెల 11 దాకా. మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాళ్లకు 45 రోజులిచ్చి, ఒక నెల రిపోర్టు తీసి చూపిస్తాం. ట్రయల్ తర్వాత నెలకు 30 బిల్లులు ఎప్పటికీ ఉచితం. జీఎస్టీఆర్-1 ఫైలు, ఉద్దెర ఖాతా, రెండో మనిషి లాగిన్ మాత్రం డబ్బు కడితేనే. 30 బిల్లుల్లో సరిపెట్టుకునే చిన్న దుకాణాన్ని ఉచితంగా వాడుకుంటున్నాడని అనకూడదు, ఆ పరిమితి మేమే ఇచ్చాం.

పాత బిల్లులకు మాత్రం ఎన్నడూ తాళం వేయం. వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు దాచాలని జీఎస్టీ చట్టమే చెబుతుంది. వాళ్ల కాగితాలు పట్టుకుని డబ్బు అడిగితే ఆ బజారులో ఇంకో దుకాణం మన దగ్గరికి రాదు.

తిప్పుకుంటున్న దుకాణాలకు హెచ్చరిక పంపలేదు, ఖాతాలు కలిపిస్తామని ఫోన్ చేశాం. ఒక దుకాణంలో ఒకే రైతు ఉద్దెర మూడు ఖాతాల్లో ముక్కలై ఉంది: యూరియా ఒకదాంట్లో, పత్తి విత్తనాలు ఇంకోదాంట్లో, పురుగుమందు మూడోదాంట్లో. మూడూ కలిపి ఆ రైతు బాకీ ఒక్క వరుసలో చూపించాక, సేటు ఆ సాయంత్రమే ఏడాది డబ్బు కట్టాడు.