రాత్రి డాక్‌లో ఏడు పెట్టెలు

మేడ్చల్ గోడౌన్. పదకొండుకు రావాల్సిన నూనె లారీ రెండున్నరకు వచ్చింది. సూపర్‌వైజర్ తొందరపడలేదు. చక్రాలకు అడ్డం పెట్టించి, సీల్ నంబరు లారీ రసీదు ఎల్ఆర్‌తో సరిచూసి, ఫొటో తీశాకే తలుపు తెరిపించాడు.

చివరి ప్యాలెట్ పక్కకు ఒరిగి ఉంది, కింద నూనె తడి. ప్లాస్టిక్ ఫిల్మ్ పెట్టెలకే చుట్టారు, కింది చెక్క ప్యాలెట్‌కు కలపలేదు. బ్రేక్ వేసినప్పుడల్లా పెట్టెలు జరిగి, అంచు దాటిన కింది వరస నలిగింది. ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తితే మొత్తం కూలుతుంది. అందుకే నేల మీద రంపపు పొట్టు చల్లించి, పైనుంచి చేత్తో దింపించాడు. అరవైలో ఏడు పాడయ్యాయి.

డ్రైవర్ "ఖాళీ సంతకం పెట్టేయండి సార్, లేటవుతోంది" అన్నాడు. అలా పెడితే సరుకు బాగానే అందిందని ఒప్పుకున్నట్టే, తర్వాత క్లెయిమ్ నిలవడం కష్టం. "7 పెట్టెలు నలిగి, తడిసినవి" అని సరుకు అందినట్టు ఇచ్చే రసీదు పీఓడీ మీద రాసి, ఇద్దరూ సంతకం చేశారు.

ఈలోగా సిద్దిపేట దుకాణదారు మూడోసారి ఫోన్. "అన్నా, పొద్దున ఏడింటికి పెళ్లి వంటవాళ్లొస్తరు!"

"యాభై మూడు మంచిగున్నయి అన్నా. నాలుగింటికి బండి కదుల్తది, ఆరున్నరకల్లా మీ దగ్గరుంటది. వంటవాళ్లకెన్ని కావాలె?"

"నలభై."

"అయితే సరిపోతయి. మిగతా ఏడు రేపటి లోడ్‌ల."