షీటులో 21.87, కాటా మీద 23.10: ఆ 1,230 గ్రాములు ఎక్కడివి?

విమాన ప్రయాణానికి వేసుకునే సామాన్ల జాబితాలో ఈసారి 74 వరుసలున్నాయి. ప్రతి వస్తువునూ తూచి, గ్రాములు రాసి, ఏ బ్యాగులోకి వెళ్లాలో పక్కన వేసి, పెట్టె సర్దేశాక చూస్తే చెకిన్ పెట్టె మొత్తం షీటులో 21,870 గ్రాములు వచ్చింది. పరిమితి 23 కిలోలు కాబట్టి కిలోకి పైగా మిగిలినట్టే. తీరా హ్యాంగింగ్ స్కేలుకి తగిలించి ఎత్తితే 23.10 చూపించింది. మళ్లీ ఎత్తినా 23.10, మూడోసారీ అంతే. ఇంత శ్రద్ధగా తూచిన జాబితా 1,230 గ్రాములు తప్పడం అసలు మింగుడుపడలేదు. ఆ తేడాలో ప్రతి గ్రాముకీ లెక్క దొరికేదాకా వదలకూడదనుకుంటే రెండు సాయంత్రాలు పట్టింది.

క్యాబిన్ బ్యాగుకి ఏ ఇబ్బందీ లేదు. షీటులో 6,180, కాటా మీద 6.20.

షీటు పద్ధతి మామూలే. A లో వస్తువు, B లో ఆ వరుస మొత్తం గ్రాములు, C లో బ్యాగు కోడు. చెకిన్‌కి `C1`, క్యాబిన్‌కి `K1`, ఒంటి మీద వేసుకునే వాటికి `W`. బ్యాగు మొత్తం ఈ ఫార్ములాతో వస్తుంది:

```
=SUMIFS(B2:B120, C2:C120, "C1")
```

మొదటి అనుమానం హ్యాంగింగ్ స్కేలు మీదికే పోయింది. చేత్తో పట్టుకుని ఎత్తే పరికరం, అంకె 50 గ్రాముల అంచెల్లో మారుతుంది, చెయ్యి వణికితే ఎక్కడో ఒకచోట లాక్ అయిపోతుంది. ఎవరికైనా ముందు దాని మీదే అనుమానం వస్తుంది. దాన్ని పరీక్షించడానికి నీళ్ల సీసాల కంటే మంచి సాధనం లేదు. అయితే సీసా మీద లీటరు అని ఉందని కిలో అనుకోకూడదు. ప్లాస్టిక్ బరువుంది, నింపడంలోనూ కాస్త తేడా ఉంటుంది. అందుకే పన్నెండు సీసాలను ఒక్కొక్కటిగా వంటింటి కాటా మీద తూచి కూడితే 12,412 వచ్చింది. అన్నీ ఒక సంచిలో వేసి, సంచి బరువు తీసేసి చూస్తే హ్యాంగింగ్ స్కేలు 12.40 చెప్పింది. పద్దెనిమిది సీసాలకు లెక్క 18,618, స్కేలు 18.65. రెండు కాటాలూ ఒకే మాట చెబుతున్నాయంటే తప్పు తూచడంలో లేదు, జాబితాలో ఉంది.

బాత్రూమ్ కాటాతోనూ సరిచూడొచ్చు. పెట్టె పట్టుకుని ఒకసారి, ఒట్టి చేతులతో ఒకసారి ఎక్కి తేడా తీయడం పాత పద్ధతే. కానీ ఇది నమ్మదగ్గది కాదని నా గట్టి అభిప్రాయం. రెండు కొలతల్లోని తప్పులూ తేడాలోకి చేరతాయి. పైగా చాలా డిజిటల్ బాత్రూమ్ కాటాలు కిందటి అంకెను గుర్తుపెట్టుకుంటాయి, కొత్త బరువు దానికి దగ్గరగా ఉంటే పాతదే మళ్లీ చూపిస్తాయి. రెండు మూడు వందల గ్రాముల వస్తువు తీసినా అంకె కదలకపోవడానికి కారణం ఇదే. పెట్టెలో కిలో అటో ఇటో తేల్చాల్సిన పనికి అది సరిపోదు.

ఇక మిగిలింది పెట్టెను విప్పడమే. అన్నీ ఒకేసారి బయట పోయకుండా, ఒక్కో కట్టను తీసి దాని బరువును షీటులోని దాని వరుసల మొత్తంతో పోల్చడం మేలు. ఏ కట్టలో ఎంత తేడా ఉందో తెలిస్తే కారణం సగం తెలిసినట్టే.

ముందు ఖాళీ పెట్టె. షీటులో 3,600 అని ఉంది, అది పెట్టె కొన్నప్పటి లేబుల్ మీది అంకె. తూస్తే 3,910. లోపలి పట్టీలు, విడిగా తగిలించే లైనింగు, తాళం, పేరు రాసిన ట్యాగు, అన్నీ కలిపి 310 గ్రాములు. లేబుల్ అంకెను ఎప్పుడూ షీటులోకి ఎక్కించకూడదు. పెట్టె కూడా ఒక వరుసే, దాన్నీ తూచే రాయాలి.

తర్వాత నాలుగు ప్యాకింగ్ క్యూబులు, అంటే పెట్టెలో వస్తువులను విడివిడిగా సర్దుకునే జిప్పు సంచులు. అసలు ఆసక్తికరమైన సంగతి ఇక్కడే ఉంది. ఒక్కో క్యూబును నిండుగా తూచి, లోపలి వస్తువుల వరుసల మొత్తం తీసేస్తే మిగిలిన తేడాలు ఇవి: పాలియెస్టర్ బట్టల క్యూబులో 78, నూలు బట్టల క్యూబులు రెండింట్లో 155, 151, చార్జర్లూ వైర్లూ ఉన్న క్యూబులో ఏకంగా 343.

78 దగ్గర చిక్కు వెంటనే విడిపోయింది. ఖాళీ క్యూబు బరువే 78 గ్రాములు, వాటికి షీటులో వరుసే లేదు. గుడ్డ సంచి కదా, బరువేముంటుందిలే అనిపిస్తుంది. నాలుగు కలిస్తే 312.

చార్జర్ల క్యూబులో 343 నుంచి 78 తీసేస్తే 265. ఆ అంకెను షీటులో వెతికితే లాప్‌టాప్ చార్జర్ ఎదురుగా కనిపించింది. బరువు రాసే ఉంది, కానీ గడిలో `265` కి బదులు "265 గ్రా" అని ఉంది. గ్రా అనే అక్షరం చేరగానే షీటుకి అది అంకె కాదు, పదం. SUMIFS పదాలను కూడదు, తప్పు వచ్చిందని కూడా చెప్పదు, మౌనంగా వదిలేస్తుంది. కళ్లకు వరుస నిండుగానే కనిపిస్తుంది కాబట్టి ఎన్నిసార్లు చదివినా దొరకదు. ఒక్క గుర్తు మాత్రం ఉంది. అంకెలు గడిలో కుడివైపుకి, పదాలు ఎడమవైపుకి జరుగుతాయి. కాలమ్ మొత్తానికి మధ్యలో ఉండేలా అలైన్‌మెంట్ పెట్టేస్తే ఆ గుర్తు కూడా పోతుంది, ఇక్కడ జరిగింది అదే. ఇప్పుడు షీటు నెత్తిన రెండు కాపలా గడులున్నాయి:

```
=COUNTA(B2:B120)-COUNT(B2:B120)
=SUM(B2:B120)-SUMIFS(B2:B120,C2:C120,"C1")-SUMIFS(B2:B120,C2:C120,"K1")-SUMIFS(B2:B120,C2:C120,"W")
```

మొదటిది అంకె కాని గడులెన్నో చెబుతుంది. రెండోది ఏ బ్యాగుకీ చెందని గ్రాములను చూపిస్తుంది. `C1` తర్వాత పొరపాటున ఒక ఖాళీ పడ్డా ఆ వరుస ఏ బ్యాగులోనూ లెక్కకు రాదు, దాన్ని ఇది పట్టేస్తుంది. రెండూ సున్నా చూపిస్తేనే మొత్తాన్ని నమ్మాలి.

షాంపూ, లోషన్ల సంచిలో 135 తేడా వచ్చింది. మూడు సీసాలకూ తూచకుండా లేబుల్ మీది నికర బరువే రాసి ఉందన్నమాట. నికర బరువులో సీసా లెక్కకు రాదు. మూడు ఖాళీ సీసాలు మూతలతో సహా 58, 41, 36 గ్రాములు.

ఇక నూలు బట్టలు. క్యూబు బరువు తీసేశాక ఒకదాంట్లో 77, ఇంకోదాంట్లో 73, మొత్తం 150 గ్రాములు ఎక్కువ. వస్తువులు అవే, లెక్క సరిగ్గానే ఉంది, కాటా అదే. ఎక్కువసేపు తల పట్టుకునేలా చేసింది ఇదే. పాలియెస్టర్ క్యూబులో ఒక్క గ్రాము కూడా పెరగకపోవడమే దారి చూపించింది. నూలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు నూలులో దాని పొడి బరువులో దాదాపు ఎనిమిది శాతం నీరు ఉంటుంది, పాలియెస్టర్‌లో అర శాతం కూడా ఉండదు. ఈ బట్టలన్నీ ఇస్త్రీ చేసిన వెంటనే తూచినవి. ఇస్త్రీ వేడికి నూలులోని నీరు చాలావరకు ఎగిరిపోతుంది, మడిచి పెట్టాక ఒకటి రెండు రోజుల్లో తిరిగి చేరుతుంది. 5,640 గ్రాముల నూలు 5,790 అయింది, అంటే మూడు శాతం లోపే. ఒక్క చొక్కా దగ్గర ఇది ఐదారు గ్రాములే కాబట్టి ఎవరూ గమనించరు. ఉన్ని అయితే నూలు కంటే ఎక్కువే పీలుస్తుంది. ఇకమీదట బట్టలను ఇస్త్రీ అయిన మర్నాడే తూచడం.

310, 312, 265, 135, 150 కలిపితే 1,172. మిగిలింది 58 గ్రాములు. 50 గ్రాముల అంచెల్లో చదివే స్కేలు దగ్గర అంతకన్నా తవ్వడం అనవసరం. వదిలేస్తే సరి, సరిదిద్దిన షీటు ఇప్పుడు 23,042 చెబుతోంది!

ఇక దించడం. లక్ష్యం 22.5, ఎందుకంటే కౌంటర్ దగ్గరి కాటా కూడా ఇంటి కాటాతో గ్రాము తేడా లేకుండా ఉండాలని ఎక్కడా లేదు. దీనికోసం కొత్తగా D కాలమ్ పెట్టడం బాగా కుదిరింది. అందులో మూడే మాటలు: క్యాబిన్‌లోనే, చెకిన్‌లోనే, ఎటైనా. పవర్‌బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు చెకిన్‌లో వేయకూడదు కాబట్టి మొదటి రకం. 100 మిల్లీలీటర్లు దాటిన సీసాలు, కత్తెర రెండో రకం. ఈ రెండూ కదలవు. బరువు సర్దుబాటుకి పనికొచ్చేవి "ఎటైనా" వరుసలే, వాటిని బరువు క్రమంలో పెట్టుకుంటే ఏది తీయాలో వెతుక్కోనక్కర్లేదు. ఈసారి 410 గ్రాముల జాకెట్ `W` కి, 345 గ్రాముల పుస్తకం `K1` కి వెళ్లాయి. చెకిన్ 22,287 అయింది, స్కేలు మీద 22.35. క్యాబిన్ 6,525, దాని పరిమితి 7 కిలోలు.

మిగిలిన "ఎటైనా" వస్తువుల్లో రెండు మూడింటిని పెట్టెలో అన్నిటికన్నా పైన, జిప్పు తీయగానే అందేలా పెట్టాలి. ఏ వస్తువు ఎన్ని గ్రాములో ముందే తెలుసు కాబట్టి కౌంటర్ దగ్గర 300 గ్రాములు ఎక్కువ చూపిస్తే సరిగ్గా ఒక వస్తువు తీస్తే చాలు, పెట్టె మొత్తం నేల మీద పరవక్కర్లేదు.

యాప్‌ల మాటకొస్తే, సామాన్ల బరువుల జాబితా వేసుకునే లైటర్‌ప్యాక్‌లో కేటగిరీలనే బ్యాగులుగా వాడుకోవచ్చు, చూడ్డానికి కూడా బాగుంటుంది. అయినా ఇలాంటి కాపలా గడులు పెట్టుకోవాలంటే మామూలు షీటే మేలు.

తర్వాతి పని తిరుగు ప్రయాణం కాలమ్. వెళ్లేటప్పటి కోడు C లో ఉన్నట్టే E లో తిరిగొచ్చేటప్పటి కోడు. వాడేసి అయిపోయే వాటికి ఖాళీ సీసా బరువు, అక్కడ వదిలేసే వాటికి సున్నా. సీసాల ఖాళీ బరువులు మూడింటివి ఇప్పటికే ఉన్నాయి, ఇంకో ఐదు తూచాలి. ఉతికి సరిగా ఆరని బట్టలకు ఎంత కలపాలో మాత్రం ఇంకా తేలలేదు. ఆరు చొక్కాలను సగం ఆరాక ఒకసారి, పూర్తిగా ఆరాక ఒకసారి తూచి చూడాలి.