ఆర్ డై, అండ్ డై

ఇవాళ చెప్పుకోదగ్గ పని ఒక్కటీ జరగలేదు. పాత కాగితాల సొరుగు సర్దుదామని కూర్చున్నా, అందులో ఒకే కవితకి రెండు ప్రింట్లు దొరికాయి, ఇక అంతే, సాయంత్రం వరకూ లేవలేదు. ఉతికిన బట్టలు మెషీన్‌లోనే ఉండిపోయి వాసన కూడా పట్టాయి.

ఆ కవిత ఇంగ్లీషు కవి డబ్ల్యూ. హెచ్. ఆడెన్ రాసిన "సెప్టెంబర్ 1, 1939". జర్మనీ పోలాండ్ మీద దాడి చేసిన రోజు అది. న్యూయార్క్‌లో ఒక చవకబారు బార్‌లో కూర్చుని భయపడుతున్న మనిషి మాటలు. మొత్తం తొమ్మిది చరణాలు, చరణానికి పదకొండు పంక్తులు. ఎప్పుడో చదివి దాచుకున్నా. ఒక ప్రింట్ 1940 నాటి పాఠానిది, ఇంకోటి 1955లో ఒక సంకలనంలో వచ్చిన పాఠానిది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎనిమిదో చరణం చివరి పంక్తి దగ్గర కన్ను ఆగిపోయింది. మొదటిదాంట్లో "వి మస్ట్ లవ్ వన్ అనదర్ ఆర్ డై". రెండోదాంట్లో "వి మస్ట్ లవ్ వన్ అనదర్ అండ్ డై".

ముందు అచ్చుతప్పేమో అనుకున్నా. కానీ అచ్చుతప్పు అయితే సాధారణంగా అర్థం చెడుతుంది, లేదా పాదం కుంటుతుంది. ఇక్కడ రెండూ జరగలేదు. పలకడంలో ఆర్ ఒక అక్షరం, అండ్ కూడా ఒక అక్షరమే, లయ చెక్కుచెదరలేదు. పైగా ఈ మార్పు తనదేనని ఆడెన్ స్వయంగా రాసుకున్నాడు. 1964లో తన రచనల జాబితా పుస్తకానికి రాసిన ముందుమాటలో చెప్పాడు: కవిత అచ్చయ్యాక మళ్ళీ చదువుతూ ఈ పంక్తి దగ్గరికి వచ్చి, ఇది పచ్చి అబద్ధం, ఎలాగూ చావాల్సిందే కదా అనుకున్నాడట. ఆర్‌ని అండ్ చేశాడట, అదీ నచ్చలేదట, చరణం మొత్తం తీసేశాడట, అప్పటికీ కుదరక కవితనే పక్కన పడేశాడట.

తమాషా ఏంటంటే అచ్చులో వరుస అలా లేదు. 1945 సంపుటంలో ముందు ఆ చరణమే ఎగిరిపోయింది. అండ్ వచ్చింది పదేళ్ళ తర్వాత, ఆ 1955 సంకలనంలో. 1966 సంపుటంలో అసలు కవితే లేదు. అంటే తన సొంత కవిత చరిత్రని ఆయనే తారుమారుగా గుర్తుపెట్టుకున్నాడు. నాకిది చిన్న ఓదార్పు, ఎందుకంటే నేను నిన్న తాళం ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేని మనిషిని. కానీ పాఠాలు పోల్చేటప్పుడు ఇది పట్టించుకోవాల్సిన సంగతే. కవి చెప్పిన కథ ఒకటి, అచ్చయిన కాగితం ఒకటి, ఏ పాఠం ఏ సంవత్సరానిదో చూసుకోకపోతే ఆర్ నుంచి అండ్‌కి తిన్నగా వెళ్ళిపోయాడని అనుకుంటాం. నిజానికి మధ్యలో పదేళ్ళు ఆ చరణం లేకుండానే ఆ కవిత ఆయన సంపుటంలో ఉంది.

సరే, అసలు సంగతి. ఈ రెండు పంక్తులూ తెలుగులో ఎలా ఉంటాయో చూద్దామని పెన్సిల్ తీశా. పెద్ద అనువాదం చేద్దామని కాదు, ఊరికే, తేడా ఎక్కడుందో చేతికి తగులుతుందని.

ఆర్ దగ్గర మొదటి చిక్కు. "ఒకరినొకరు ప్రేమించుకోవాలి లేదా చావాలి" అని రాస్తే అది తెలుగు కాదు, ఫారం నింపుతున్నట్టుంది, సరైన గడిలో టిక్ పెట్టండి అన్నట్టు. మనం అలా అనం. "ప్రేమించుకోకపోతే చస్తాం" అంటాం. అప్పుడు అర్థమైంది, ఇంగ్లీషులో ఆ ఆర్ చేసే పని కూడా ఇదేనని. పైకి రెండు దారులు చూపిస్తున్నట్టు ఉంటుంది కానీ రెండోది దారి కాదు, మొదటిది చేయకపోతే పడే దెబ్బ. అమ్మ "అన్నం తింటావా లేదా" అన్నప్పుడు ఆ లేదా ఎంత మాత్రం ఎంపికో అంతే.

రెండోది ఇంకా అన్యాయం. "ప్రేమించుకోవాలి మరియు చావాలి", ఛీ. మరియు తీసేస్తే "ప్రేమించుకోవాలి, చావాలి". అండ్ మాయమైపోయింది, కామా మిగిలింది. రెండు క్రియల్ని కలపడానికి మనకి అసలైన పద్ధతి ఇంకొకటి కదా, చేసి వచ్చా, తిని పడుకున్నా, అలా. ఆ లెక్కన "ఒకరినొకరు ప్రేమించుకుని చావాలి". రాసి చూసుకుని నాకే నవ్వొచ్చింది.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. ఏం చేస్తున్నావే అంది. చదివి వినిపించా. పడీపడీ నవ్వింది. "ఎవరే అది, అత్తగారు కొడుకుని కోడలిని తిడుతున్నట్టుంది, ప్రేమించుకుని చావండి అని" అంది.

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. తెలుగులో ఇంకో క్రియ వెనకాల చావు చేరితే చాలాసార్లు అది మరణం కాదు, విసుగు. రాసి చావు, వచ్చి చావు, తిని చావు, వీటిలో ఎవరూ చనిపోరు. ఆడెన్ పెట్టి చూసిన అండ్‌ని మన భాషలో పద్ధతి ప్రకారం పెడితే చావే ఎగిరిపోయి చిరాకు మిగిలింది.

నవ్వడం అయ్యాక అక్క ఒక ప్రశ్న వేసింది, రోజంతా దాని చుట్టూనే తిరిగా. "మొదటిదాంట్లో చస్తాం అన్నావు కదా, రెండోదాంట్లో కూడా చస్తాం అనొచ్చుగా" అంది. "ప్రేమించుకోవాలి, చస్తాం" అని పైకి చదివా. కుదరలేదు. ఎందుకో మొరటుగా ఉంది. "ప్రేమించుకోవాలి, పోతాం" అని చదివా. కుదిరింది. మరి మొదటిదాంట్లో పోతాం పెడితే? "ప్రేమించుకోకపోతే పోతాం". పస పోయింది, బస్సు ఎక్కకపోతే నడిచి పోతాం అన్నంత తేలిగ్గా ఉంది.

ఇక్కడ నాకు కాస్త వెలిగింది. ఆడెన్ మార్చింది ఆర్‌నే. డై అనే మాట రెండు పాఠాల్లోనూ అక్షరం తేడా లేకుండా అదే. కానీ అది అదే మాట కాదు. ఆర్ పక్కన ఉన్న డై అంటే ఒకరి చేతిలో ఒకరు చావడం, బాంబుల్లో, యుద్ధంలో, ఆకలితో, తప్పించుకోగలిగి కూడా తప్పించుకోని చావు. అండ్ పక్కన ఉన్న డై అంటే ఎనభై ఏళ్ళకి మంచంలో పోవడం కూడా కలిపి, అందరూ పోయే పోకడ. ఇంగ్లీషుకి రెండింటికీ ఒకే మాట చాలింది కాబట్టి మార్పు ఆర్ దగ్గరే ఆగినట్టు కనిపిస్తుంది. తెలుగులో నేను క్రియ కూడా మార్చుకోవాల్సి వచ్చింది, అందుకే బయటపడింది.

మస్ట్ సంగతి కూడా అంతే. ఆర్ ఉన్నప్పుడు ప్రేమించడానికి మాత్రమే మస్ట్ అంటుకుంటుంది, అది బాధ్యత. అండ్ ఉన్నప్పుడు ఆ ఒక్క మస్ట్ రెండు క్రియల్నీ మోయాలి. ప్రేమించాలి అన్నది బాధ్యత, చావాలి అన్నది తప్పనిది. ఇంగ్లీషు మస్ట్‌కి రెండు పనులూ వచ్చు. మన "ఆలి" మాత్రం ఎక్కువగా బాధ్యతకే పనికొస్తుంది, "నువ్వు చావాలి" అంటే శాపం అవుతుంది కానీ సత్యం అవదు. సత్యం చెప్పాలంటే "చావాల్సిందే" అనో "చావక తప్పదు" అనో అనాలి.

అలా చూస్తే, ఇది అబద్ధం అని ఆడెన్ తన పంక్తిని కొట్టేయడం నాకు అన్యాయంగానే తోస్తోంది. ఆయన అండ్‌కి సరిపోయే డైని మనసులో పెట్టుకుని ఆర్ ఉన్న పంక్తిని చదివి తప్పు పట్టుకున్నాడు. ప్రేమించినా పోతాం, నిజమే, కానీ ఆ పంక్తి ఆ చావు గురించి కాదు కదా. 1964 అమెరికా ఎన్నికల్లో అధ్యక్షుడు జాన్సన్ తరఫున వేసిన ఒక టీవీ ప్రకటన ఉంది, పువ్వు రేకులు లెక్కపెడుతున్న చిన్నపిల్ల, తర్వాత అణుబాంబు పేలుడు, దాని మీద జాన్సన్ గొంతు దాదాపు ఇదే పంక్తి చెబుతుంది, ఆర్‌తో. అందులో డై అంటే ఏ చావో ఎవరికీ అనుమానం రాదు.

కానీ ఆయన వైపు నుంచి కూడా ఒక మాట ఉంది, ఇది మూడోసారి చదివినప్పుడు కనిపించింది. ఆ చరణం "నా దగ్గరున్నదల్లా ఒక గొంతు, మడతపెట్టిన అబద్ధాన్ని విప్పడానికి" అన్న అర్థంతో మొదలవుతుంది. ఇంగ్లీషులో అబద్ధం లై. తర్వాత మనిషి బుర్రలో లై, అధికారంలో లై, పదకొండు పంక్తుల్లో మూడుసార్లు అదే మాట. చివరి మాట డై, ఆ మొదటి లైతో ప్రాస కలుస్తుంది. అబద్ధాలు విప్పుతానని బయల్దేరిన చరణం చెవికి అందంగా ఉన్న మాటతో ముగిసిందంటే, రాసినవాడికి అనుమానం రావడంలో వింత లేదు. పైగా ముగింపుకి రెండు పంక్తుల ముందే ఆకలి ఎవరికీ ఛాయిస్ ఇవ్వదు అంటాడు. ఛాయిస్ లేదని చెప్పిన వెంటనే ఆర్. ఆ పొసగకపోవడాన్ని అండ్ సరిచేస్తుంది, ఒప్పుకుంటా. కానీ సరిచేసి చప్పబరుస్తుంది. పైకి చదివితే "అండ్ డై"లో రెండు డ-లు ఒకదానికొకటి గుద్దుకుని పంక్తి ఆగిపోతుంది. "అనదర్ ఆర్ డై"లో ఆ ర-లు జారుతూ వెళ్ళి డై మీద పడతాయి.

రాత్రి అక్కకి రెండూ మెసేజ్ చేశా.

ఒకరినొకరు ప్రేమించుకోకపోతే చస్తాం.

ఒకరినొకరు ప్రేమించుకోవాలి. పోతాం.

రెండోదాంట్లో కామా తీసి చుక్క పెట్టా, కామా ఉంటే ఎక్కడికో బయల్దేరుతున్నట్టుంది. "ఎలాగూ పోతాం" అని కూడా రాసి చూశా కానీ ఆ ఎలాగూ చేరగానే "పోతాం కాబట్టి ప్రేమించుకోండి" అని కారణం వచ్చి కూర్చుంటోంది, ఆడెన్ కారణం చెప్పలేదు, కొట్టేశా.

అక్క పదిన్నరకి జవాబిచ్చింది. "మొదటిది నువ్వు నాతో పోట్లాడినప్పుడు అనేలా ఉంది, రెండోది నాన్నగారు అనేలా ఉంది. బట్టలు ఆరేశావా?"

ఆరేయలేదు. మళ్ళీ ఉతకాలి.