ఫలహారం బండి వెంట, ఫోన్ చేతబట్టి

పోయిన ఏడాది లాల్‌దర్వాజ బోనాలప్పుడు మా గల్లీ ఫలహారం బండి ఊరేగింపును ఫోన్‌లో తీసింది నేనే. రాత్రి దాన్ని టీవీలో పెట్టి అందరం కూర్చున్నాం. మూడో నిమిషంలోనే మా మేనత్త కళ్లు మూసుకుని "ఆపురా, తల తిరుగుతుంది, గుంతల రోడ్డు మీద ఆటోల పోయినట్టుంది" అంది. చూస్తే నిజమే. పోతరాజు బాగానే ఆడుతున్నాడు, ఆయన వెనక ఇళ్లు ఆయనకంటే ఎక్కువ ఆడుతున్నాయి.

అందుకని ఈసారి ఆషాఢం రాకముందే, ఫోన్ కుదుపులను మోటార్లతో సరిచేసే పిడి, గింబల్ ఒకటి కొన్నాను. పెట్టె విప్పి, ఫోన్ బిగించి, స్విచ్ నొక్కితే పని అయిపోతుందనుకున్నా. నొక్కగానే ఫోన్ ఒక పక్కకు ఒరిగింది, పిడి లోపల తుమ్మెద ఝుమ్మన్నట్టు సన్నగా మోత మొదలైంది. ఫోన్‌ను పౌచ్‌తో సహా బిగించడమే తప్పు. ఒక వైపు బరువెక్కితే దాన్ని నిలబెట్టడానికే మోటార్ సత్తువంతా పోతుంది, ఇక కుదుపులకు మిగిలేదేముంది? పౌచ్ తీసేసి, గింబల్ ఆఫ్‌లో ఉండగానే క్లాంప్‌లో ఫోన్‌ను కొంచెం అటూ ఇటూ జరుపుతూ పోయాను. చేయి వదిలినా ఫోన్ దానంతటదే అడ్డంగా సమంగా నిలబడే చోటు ఒకటి దొరికింది. అక్కడ గోరంత గుర్తు గీసుకుని అప్పుడు స్విచ్ వేస్తే మోత లేదు.

మేడ మీద పిట్టగోడ పక్కన నడుస్తూ ట్రయల్ తీశాను. అసలు సంగతి అక్కడే తెలిసింది. వీడియోలో ఫోన్ ఎటూ ఒరగడం లేదు, గోడ గీత అడ్డంగా తిన్నగానే ఉంది. కానీ ఆ గీత నేను వేసే అడుగడుగుకూ పైకి లేచి కిందికి దిగుతోంది. గింబల్‌లో ఉండే మూడు మోటార్లు మూడు రకాల తిరుగుళ్లను సరిచేస్తాయి: ఫోన్ పక్కలకు తిరగడం, ముందుకూ వెనక్కూ వంగడం, ఒరగడం. మనిషి నడిచేటప్పుడు ఒళ్లంతా నాలుగైదు సెంటీమీటర్లు పైకీ కిందికీ పోతుంది. చేయి ఆ ఎత్తుకు లేస్తే ఫోన్ కూడా లేస్తుంది, దాన్ని ఆపే మోటార్ అందులో లేదు. ఈ ఊపు దూరంగా ఉన్నవాటిలో పెద్దగా కనబడదు, దగ్గర ఉన్నవాటిలో బాగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మా గల్లీలో చేయి చాపితే రెండు వైపులా గోడలు తగులుతాయి. ఇక చూసుకోండి.

నేను మేడ మీద అవస్థ పడుతుంటే బట్టలు ఆరేయడానికి వచ్చిన మేనత్త కాసేపు చూసి నవ్వింది. "ఎగురుకుంట నడుస్తవేందిరా? నెత్తి మీద బోనం ఉంటే గట్ల నడుస్తమా?" అని ఖాళీ బిందె ఒకటి తలమీద పెట్టుకుని నడిచి చూపించింది. ఆమె మోకాళ్లు ఎప్పుడూ పూర్తిగా నిటారు కావు, కొంచెం వంగే ఉంటాయి. అడుగులు చిన్నవి. మడమ ముందు ఆనుతుంది, పాదం మెల్లగా వేళ్ల దాకా దొర్లుతుంది. నడుము పైనంతా ఎక్కడున్నది అక్కడే. నలభై ఏళ్లుగా బోనం ఎత్తుకుంటున్న మనిషికి ఇది ఎవరో నేర్పేది కాదు.

వారం రోజులు అలా నడిచాను. తొడలు పట్టేశాయి, ఆఫీసులో మెట్లు దిగడం కూడా కష్టమైంది. కానీ పిట్టగోడ గీత దాదాపు కుదురుకుంది. గింబల్ పట్టుకున్న చేతి మోచేయిని కూడా కొంచెం వదులుగా, స్ప్రింగులా ఉంచితే మిగిలిన ఊపులో ఇంకొంత తగ్గింది.

బోనాల ఆదివారం పొద్దున మేనత్త బోనం ఎత్తుకుని గుడికి పోతుంటే వెనకే నడుస్తూ తీశాను. ఆమె అడుగులో అడుగు వేశాననే చెప్పాలి. గింబల్‌ను పక్కలకు మాత్రమే తిరిగే మోడ్‌లో పెట్టాను, పైకీ కిందికీ చూపు మారకుండా. నా జన్మలో అంత నున్నటి వీడియో తీయలేదు. వెనక్కి నడుస్తూ ముందునుంచి తీయాలని ఉన్నా, ఆ జనంలో ధైర్యం చాలలేదు.

సాయంత్రం ఫలహారం బండి కదిలేసరికి లెక్క మారింది. తీన్మార్ దరువు, బండి ముందు పోతరాజు, ఒంటినిండా పసుపు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా. ఆయన ఒక్కసారి గిర్రున తిరిగితే గింబల్ అందుకోలేకపోయింది. నేను పిడి తిప్పిన తర్వాత అరక్షణానికి ఫోన్ తిరుగుతుంది, అప్పటికి ఆయన ఫ్రేములో ఉండడు. అదే సమయంలో ఎవరో కుర్రాడి భుజం గింబల్ కొమ్మకు తగిలింది. మోటార్ వల్ల కాక చేతులెత్తేసింది, ఫోన్ తలకిందులుగా వేలాడింది. ఆ ముక్కలో నా చెప్పులు చక్కగా వచ్చాయి.

గింబల్ బ్యాగులో వేసేశాను. ఊరేగింపు నడుస్తుంటే నేను కూడా నడవాలని ఎవరన్నారు? బండి కంటే ముందు పోయి, ఒక ఇంటి అరుగు మూలకు వీపు ఆనించి నిలబడ్డాను. ఫోన్ రెండు చేతుల్లో, మోచేతులు పక్కటెముకలకు నొక్కి. పాదాలు బండి వెళ్లిపోయే దిక్కుకు పెట్టి, నడుము మాత్రం బండి వచ్చే వైపుకు తిప్పుకున్నాను. బండి దాటుతుంటే ఒళ్లు దానంతటదే విప్పుకుంటూ తిరుగుతుంది, కాబట్టి చివర్లో తూలడం ఉండదు. పాదాలు ఎదురు దిక్కున పెట్టి ఒకసారి చూశా, ఆఖరి రెండు క్షణాలు వణికిపోయాయి. ఒక్కో ముక్క పది సెకన్లు, అంతే. తర్వాత గబగబా ముందుకు పోయి ఇంకో అరుగు. జూమ్ జోలికి పోలేదు. రెండింతలు జూమ్ చేస్తే వణుకూ రెండింతలే.

చీకటి పడ్డాక ఇంకో తలనొప్పి. ఒక చోట మళ్లీ గింబల్‌తో నడుస్తూ తీసిన ముక్కలో ఫ్రేమ్ కదలడం లేదు, కానీ అడుగు పడినప్పుడల్లా సీరియల్ బల్బులు ఒక్క క్షణం గీతల్లా సాగి మళ్లీ చుక్కలవుతున్నాయి. మసక వస్తూ పోతూ ఉంది. వెలుతురు చాలక ఫోన్ షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతోంది. తెరిచి ఉన్న ఆ కాసేపట్లో పడిన కుదుపు బొమ్మలోనే అచ్చయిపోతుంది, దాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తీయడం కష్టం. ప్రో మోడ్‌లోకి పోయి షట్టర్ 1/100 దగ్గర కట్టేశాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ అంకె దగ్గర మామూలు ట్యూబ్‌లైట్ల మిణుకు కూడా పడదు. చవక ఎల్‌ఈడీ దండలు కొన్ని మాత్రం మిణుకుమంటూనే ఉన్నాయి. బొమ్మలో గరుకు పెరిగింది, పెరగనీ అనుకున్నా. చీకట్లో ఇక నడిచింది లేదు, నిలబడే తీశాను.

ఇంటికొచ్చాక ఒక వణుకు ముక్కను ఎడిటింగ్‌లో స్టెబిలైజ్ చేసి చూశాను. ఫ్రేములో సగానికి పైగా బండే ఉంది. సాఫ్ట్‌వేర్ ఆ బండినే నేల అనుకుని దాన్ని నిలబెట్టింది. బండి కదలడం మానేసి, వెనక ఇళ్లే వెనక్కి జారిపోతున్నాయి. ఆ ముక్క పడేశాను. గోడలు ఎక్కువగా, జనం తక్కువగా ఉన్న ముక్కలకు మాత్రం ఆ స్టెబిలైజ్ బాగానే పనిచేసింది.

మొత్తం ఆరు నిమిషాలు మిగిలింది. సోమవారం రాత్రి టీవీలో పెట్టాను. మేనత్త చివరిదాకా కళ్లు మూయకుండా చూసింది. అయిపోయాక నావైపు తిరిగి, "అంతా మంచిగనే ఉంది గని, నన్ను ఎన్కనుంచే తీసినవేందిరా? నా మొకం యాడ?" అంది.