ఫ్లెక్సిబుల్ బడ్జెట్: 8,000 పెట్టెలకు ఎంత ఖర్చు కావాలి?

సీఎంఏ ఇంటర్‌కో, సీఏ ఇంటర్‌కో కాస్టింగ్ చదువుతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. బడ్జెటరీ కంట్రోల్ అధ్యాయంలో నేను ఎక్కువ సమయం పెట్టింది ఫ్లెక్సిబుల్ బడ్జెట్ మీదే. స్టాండర్డ్ కాస్టింగ్‌లో వచ్చే వేరియన్స్‌లకు పునాది ఇక్కడే పడుతుంది. అందుకే పది రకాల లెక్కలు చేయకుండా, ఒకే లెక్కను తీసుకుని అది చెప్పగలిగినదంతా చెప్పేదాకా దానితోనే కూర్చున్నాను. ఆ లెక్క ఇది.

రేకు పెట్టెలు తయారుచేసే ఒక చిన్న కర్మాగారం ఉందనుకోండి. నెలకు 10,000 పెట్టెలు చేస్తామని బడ్జెట్ వేసుకున్నారు. పెట్టెకు రేకు ఖర్చు రూ. 40, కూలి రూ. 15. అద్దె, సూపర్‌వైజర్ జీతం వంటి స్థిర ఖర్చులు నెలకు రూ. 1,20,000. కరెంటు, మరమ్మతులు కలిపి 10,000 పెట్టెలకు రూ. 90,000 అవుతాయి, 7,000 పెట్టెలకైతే రూ. 72,000. మొత్తం బడ్జెట్ రూ. 7,60,000. నెల గడిచాక చూస్తే తయారైనవి 8,000 పెట్టెలే. అసలు ఖర్చు రూ. 6,67,000.

బడ్జెట్ పక్కన అసలు ఖర్చు పెట్టి తీసివేస్తే రూ. 93,000 మిగిలినట్టు కనిపిస్తుంది. ఈ అంకెకు అర్థం లేదు. చేయని 2,000 పెట్టెలకు రేకు కొనలేదు, కూలి ఇవ్వలేదు. ఆ కారణంగా తగ్గిన డబ్బును ఆదా అనడానికి వీల్లేదు. మనం అడగవలసిన ప్రశ్న వేరు: 8,000 పెట్టెలు చేసినప్పుడు న్యాయంగా ఎంత ఖర్చు కావాలి? ఆ ప్రశ్నకు జవాబే ఫ్లెక్సిబుల్ బడ్జెట్.

దానికి ముందు ప్రతి ఖర్చూ ఉత్పత్తితో పాటు ఎలా కదులుతుందో తేల్చుకోవాలి. రేకు, కూలి పెట్టెల సంఖ్యతో నేరుగా కదులుతాయి. అద్దె, జీతం కదలవు. చిక్కంతా కరెంటు, మరమ్మతుల దగ్గర ఉంది, ఎందుకంటే అందులో రెండు స్వభావాలూ కలిసి ఉన్నాయి. 7,000 నుంచి 10,000కు వెళ్ళినప్పుడు 3,000 పెట్టెలకు రూ. 18,000 పెరిగింది, అంటే పెట్టెకు రూ. 6. పది వేల పెట్టెలకు ఆ లెక్కన రూ. 60,000 పోతే, మిగిలిన రూ. 30,000 స్థిరమైన భాగం. 8,000 పెట్టెలకు 48,000కు 30,000 కలిపితే రూ. 78,000.

| ఖర్చు | 8,000 పెట్టెలకు కావలసింది | అసలు అయింది | తేడా |
|---|---|---|---|
| రేకు | 3,20,000 | 3,36,000 | 16,000 ఎక్కువ |
| కూలి | 1,20,000 | 1,28,000 | 8,000 ఎక్కువ |
| కరెంటు, మరమ్మతులు | 78,000 | 79,000 | 1,000 ఎక్కువ |
| స్థిర ఖర్చులు | 1,20,000 | 1,24,000 | 4,000 ఎక్కువ |
| మొత్తం | 6,38,000 | 6,67,000 | 29,000 ఎక్కువ |

ఆదాగా కనిపించిన నెలలో నిజానికి రూ. 29,000 అధికంగా ఖర్చయింది, అదీ ఒక్క పద్దు కూడా మినహాయింపు లేకుండా. మొదట కనిపించిన 93,000 ఎక్కడిదో ఇప్పుడు విడదీయవచ్చు. ఉత్పత్తి తగ్గడం వల్ల ఖర్చు 7,60,000 నుంచి 6,38,000కు, అంటే రూ. 1,22,000 తగ్గాలి. అందులో రూ. 29,000 అధిక ఖర్చు తినేసింది. మిగిలింది 93,000. జవాబు పత్రంలో ఈ రెండు ముక్కలనూ విడివిడిగా చూపించండి. మొదటి ముక్క ఉత్పత్తి లేదా అమ్మకాలు ఎందుకు తగ్గాయన్న ప్రశ్నకు చెందుతుంది, రెండోది ఖర్చు చేసినవాళ్ళకు చెందుతుంది.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నేను ప్రతిసారీ చేసిన పరీక్ష ఒకటుంది. ఆ 1,22,000ను 2,000 పెట్టెలతో భాగిస్తే 61 వస్తుంది. రేకు 40, కూలి 15, కరెంటు భాగం 6 కలిపినా 61. ఇవి రెండూ కలవకపోతే ఏదో ఒక స్థిర ఖర్చు చర ఖర్చుల్లోకి జారిపోయినట్టే.

ఆ జారడం ఎలా జరుగుతుందో చూడండి. బడ్జెట్‌లో పెట్టెకు సగటు ఖర్చు రూ. 76. దాన్ని 8,000తో గుణిస్తే రూ. 6,08,000. పరీక్ష హడావిడిలో ఈ అంకెనే ఫ్లెక్సిబుల్ బడ్జెట్ అనుకునే ప్రమాదం ఉంది. కానీ ఆ 76లో స్థిర ఖర్చుల వాటా రూ. 15 ఉంది: 1,20,000, 30,000 కలిపి 1,50,000ను 10,000 పెట్టెలకు పంచితే వచ్చిన వాటా అది. పెట్టెలు తగ్గాయని ఇంటి యజమాని అద్దె తగ్గించడు. 6,38,000కూ 6,08,000కూ మధ్య ఉన్న రూ. 30,000, సరిగ్గా 2,000 పెట్టెలు మోయవలసిన ఆ రూ. 15 వాటా. స్టాండర్డ్ కాస్టింగ్‌లో ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్ వాల్యూమ్ వేరియన్స్‌గా కనిపించేది ఇదే. సూత్రం బట్టీ పట్టి నేర్చుకున్న ఆ వేరియన్స్ నాకు నిజంగా అర్థమైంది ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టినప్పుడే.

ఇంకో మెట్టు కిందికి దిగుదాం. రేకు మీద రూ. 16,000 ఎక్కువైందని ప్రొడక్షన్ విభాగాన్ని నిలదీయవచ్చా? పెట్టెకు 2 కిలోల రేకు, కిలో రూ. 20 అన్నది బడ్జెట్. 8,000 పెట్టెలకు 16,000 కిలోలు కావాలి. స్టోర్స్ లెక్కలో వాడింది సరిగ్గా 16,000 కిలోలే అయి, కొన్న ధర రూ. 21 అయితే, తేడా అంతా ధరదే. కర్మాగారంలో ఒక్క కిలో కూడా వృథా కాలేదు. జవాబు చెప్పవలసింది కొనుగోలు విభాగం, లేదా మార్కెట్టు. ఫ్లెక్సిబుల్ బడ్జెట్ తేడా ఎంతో చెప్పి ఆగుతుంది, ధర వేరియన్స్, వాడకం వేరియన్స్ అక్కడి నుంచి మొదలవుతాయి. కావలసిన రేకును తయారైన పెట్టెల మీద లెక్కగట్టాలన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఒకవేళ వాడకం 17,000 కిలోలైతే, ఆ 17,000ను 20తో గుణించి బడ్జెట్ అనకూడదు. అలా చేస్తే వృథా అంతా బడ్జెట్‌లోనే కలిసిపోయి కనబడకుండా పోతుంది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. కరెంటు ఖర్చును రెండు బిందువుల నుంచి విడదీశాం కదా, ఆ రెండింటి మధ్య అది సరళరేఖలా నడుస్తుందన్న నమ్మకంతోనే అలా చేశాం. ప్రశ్నలో మూడో స్థాయి కూడా ఇచ్చి ఉంటే వదలకండి, దానితో సరిచూడండి. 9,000 పెట్టెలకు రూ. 84,000 అని ఉంటే మన లెక్క నిలబడుతుంది (54,000 + 30,000). 88,000 అని ఉంటే ఎక్కడో మెట్టు ఉంది, బహుశా ఒక మోటారు అదనంగా తిరగడం మొదలైంది.

పరీక్షల్లో ఈ మెట్లను మాటల్లోనే ఇచ్చేస్తుంటారు. సెమీ వేరియబుల్ ఖర్చులు 45 నుంచి 65 శాతం సామర్థ్యం వరకు మారవు, 65 నుంచి 80 వరకు 10 శాతం, 80 నుంచి 100 వరకు 20 శాతం పెరుగుతాయి, ఇలా ఉంటుంది. మొదటి మెట్టు ఖర్చు రూ. 50,000 అయితే రెండో మెట్టుకు 55,000, మూడో మెట్టుకు 60,000. రెండు పెంపులూ మొదటి 50,000 మీదే, 55,000 మీద మళ్ళీ 20 శాతం వేసి 66,000 చేయకూడదు. ఇలాంటి ప్రశ్నలో పెట్టెకు ఇంత అని విడదీసే పద్ధతి అసలు వాడకండి. 70 శాతం సామర్థ్యంలోనైనా 78 శాతంలోనైనా ఆ ఖర్చు 55,000 దగ్గరే నిలిచి ఉంటుంది.