ఒక మెసేజ్‌కి ఒక్క లేబులా, మూడా: రాయగడలో మా మోడల్ మార్చిన అనుభవం

ఒడిశాలోని రాయగడలో మేం కొంతమందిమి కలిసి ఒక చిన్న సహాయ కేంద్రం నడుపుతున్నాం. పింఛన్లు, రేషన్, ఆధార్, బోరింగులు, రోడ్లు, ఇలా ఊళ్ల నుంచి ఏ సమస్య వచ్చినా వాట్సాప్‌లో మెసేజ్ పెడతారు, మేం దాన్ని సంబంధిత ఆఫీసుకి పంపిస్తాం. తెలుగులో రాసేవాళ్లున్నారు, ఒడియాలో రాసేవాళ్లున్నారు, రెండింటినీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లు ఇంకా ఎక్కువ. ఇవన్నీ చేత్తో విడదీయడం కష్టమైపోయి, మెసేజ్ చదివి అది దేని గురించో లేబుల్ వేసే ఒక క్లాసిఫైయర్ మోడల్ పెట్టుకున్నాం. మొదటి స్క్రిప్ట్ వేరే ఒకరు రాసిచ్చి వెళ్లారు, దాన్ని సరిచేసే పని నాకొచ్చింది.

ఇలాంటి మెసేజ్ ఒకటి చూడండి: "మా అత్తకి మూడు నెలలుగా భత్తా రాలేదు, అడిగితే ఆధార్ లింకు అవలేదంటున్నారు." భత్తా అంటే ఇక్కడ పింఛనే. మోడల్ దీనికి "భత్తా" అని ఒక్కటే లేబుల్ ఇచ్చి ఊరుకునేది. మెసేజీలు చూసే మాస్టారు నాతో, "ఇది ఒక్కచోటికి పంపితే పని అవదు బాబూ, ముందు ఆధార్ సరిచేస్తేనే భత్తా పడుతుంది" అన్నారు. నాకు అసలు సమస్య అక్కడే అర్థమైంది. మోడల్ చదవడంలో తప్పేమీ లేదు, మనం దాన్ని అడుగుతున్న ప్రశ్నే వేరు. "వీటిలో ఏది?" అని అడిగితే అది మల్టీక్లాస్, జవాబు ఒక్కటే. "వీటిలో ఏవేవి?" అని అడిగితే మల్టీలేబుల్, జవాబు రెండు కావచ్చు, నాలుగు కావచ్చు, ఒక్కటీ లేకపోవచ్చు కూడా.

పాత స్క్రిప్ట్‌లో చివరి పొర మీద, స్కోర్లని మొత్తం 1 అయ్యే వాటాలుగా మార్చే సాఫ్ట్‌మ్యాక్స్ ఉంది. పై మెసేజ్‌కి భత్తా, ఆధార్, రేషన్, రోడ్డు అనే నాలుగు లేబుళ్లకి చివరి పొర ఇచ్చిన ముడి స్కోర్లు 2.0, 1.8, -1.0, -2.0 అనుకుందాం. సాఫ్ట్‌మ్యాక్స్ వేస్తే 0.53, 0.43, 0.03, 0.01 వస్తాయి. మొత్తం 1 కావాలి కాబట్టి భత్తా పెరిగితే ఆధార్ తగ్గాల్సిందే, రెండూ ఒకేసారి 0.5 దాటే ప్రసక్తే లేదు. ఒక్కో స్కోరుని 0, 1 మధ్య అంకెగా మార్చే సిగ్మాయిడ్‌ని అవే స్కోర్లకి విడివిడిగా వేస్తే 0.88, 0.86, 0.27, 0.12. ఇక్కడ ఏ లేబుల్ లెక్క దానిదే. "నమస్కారమండీ, ఎవరైనా ఉన్నారా" లాంటి మెసేజ్ వస్తే సిగ్మాయిడ్ అన్నిటికీ చిన్న అంకెలే ఇచ్చి ఏదీ కాదని చెప్పగలదు, సాఫ్ట్‌మ్యాక్స్ మాత్రం ఆ 1ని ఎవరో ఒకరికి పంచి తీరాలి.

అలాగని పాత మోడల్ చివర సాఫ్ట్‌మ్యాక్స్ తీసేసి సిగ్మాయిడ్ పెడితే సరిపోదు. సాఫ్ట్‌మ్యాక్స్‌తో నేర్చుకున్న మోడల్‌కి స్కోర్ల మధ్య తేడాలే ముఖ్యం. అన్ని స్కోర్లకీ 5 కలిపినా సాఫ్ట్‌మ్యాక్స్ జవాబు మారదు, సిగ్మాయిడ్ జవాబు మాత్రం పూర్తిగా మారిపోతుంది. కాబట్టి మోడల్ తప్పుని కొలిచే లాస్ కూడా మార్చి మళ్లీ ట్రైన్ చెయ్యాల్సిందే.

లాస్ దగ్గర ఇంకో సంగతి బయటపడింది, దీన్ని కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎర్రర్ రాదు కాబట్టి ఎవరికీ కనపడదు. స్క్రిప్ట్‌లో `CrossEntropyLoss` ఉంది, దానికి [1, 1, 0, 0] లాంటి టార్గెట్లు ఫ్లోట్‌గా వెళ్తున్నాయి. పైటార్చ్ 1.10 నుంచి ఆ లాస్ క్లాస్ నంబర్‌తో పాటు ప్రాబబిలిటీలని కూడా టార్గెట్‌గా తీసుకుంటుంది, అందుకని మన సున్నాలు ఒకట్లని ప్రాబబిలిటీలే అనుకుని ముందుకి పోతుంది. రెండు లేబుళ్లున్న మెసేజ్‌కి ఆ లాస్ అతి తక్కువగా ఉండేది రెండూ చెరి 0.5 అయినప్పుడు, మూడుంటే తలా 0.33 అయినప్పుడు. అంటే మోడల్ ఎంత బాగా నేర్చుకుంటే లేబుళ్లు అంత కచ్చితంగా 0.5 గీత దగ్గరో కిందో ఆగిపోతాయన్నమాట! గుర్తుపట్టడం తేలికే: రెండు లేబుళ్ల మెసేజీలు కొన్ని తీసి అవుట్‌పుట్లు ప్రింట్ చెయ్యండి, అన్నీ 0.5 చుట్టూ గుమిగూడితే ఇదే జబ్బు. ట్రైనింగ్ లాస్ కూడా సున్నా వైపు వెళ్లదు, రెండు లేబుళ్ల మెసేజ్ మీద 1.39 కిందికి దిగడం దానికి సాధ్యమే కాదు.

అయితే సాఫ్ట్‌మ్యాక్స్‌ని పూర్తిగా పక్కన పెట్టలేదు. ఏ భాషలో జవాబివ్వాలో కూడా మోడలే చెప్పాలి. మెసేజ్‌లో రెండు భాషలు కలిసి ఉండొచ్చు గానీ మేం జవాబు ఒక్క భాషలోనే రాస్తాం, కాబట్టి ఇది నికార్సయిన మల్టీక్లాస్. అందుకే మెసేజ్‌ని చదివే ఒకే ఎన్‌కోడర్ మీద భాషకొకటి, టాపిక్‌లకొకటి రెండు చివరి పొరలు పెట్టాను:

```python
lang_loss = nn.CrossEntropyLoss()
topic_loss = nn.BCEWithLogitsLoss(pos_weight=pw)

loss = (lang_loss(lang_logits, lang_id)
        + topic_loss(topic_logits, topics.float()))
```

`lang_id` అంటే మెసేజ్‌కి ఒక పూర్ణాంకం, `topics` అంటే మెసేజ్‌కి ఒక వరుస సున్నాలు ఒకట్లు. రెండు లాస్‌లకీ ముడి స్కోర్లే ఇవ్వాలి. సాఫ్ట్‌మ్యాక్స్, సిగ్మాయిడ్ లెక్కలు వాటి లోపలే ఉన్నాయి, మనం బయట ఇంకోసారి వేస్తే ఎర్రర్ రాదు గానీ మోడల్ నత్తనడక నడుస్తుంది.

`pos_weight` అరుదైన లేబుళ్లకి లాస్‌లో బరువు పెంచడం కోసం. వెయ్యి మెసేజీల్లో 50 మాత్రమే బోరింగు గురించి ఉంటే 950ని 50తో భాగించి 19 పెట్టమంటారు. అంత పెడితే మోడల్ నీళ్ల మాట కనపడిన ప్రతిచోటా బోరింగు అనడం మొదలుపెట్టింది, అందుకని దాని వర్గమూలం, అంటే దాదాపు 4.4 పెట్టాను. ఇది పెట్టాక వచ్చే అంకెలు ఉన్నదానికంటే పెద్దవిగా కనిపిస్తాయి, వాటిని నిజమైన ప్రాబబిలిటీలుగా చదవకూడదు.

ఇక కొలవడం. భాషకి మామూలు యాక్యురసీ, దాంతోపాటు కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ చూస్తే చాలు. టాపిక్‌లకి అది పనికిరాదు. ఎనిమిది లేబుళ్లుండి మెసేజ్‌కి సగటున 1.4 మాత్రమే నిజమైతే, అన్నిటికీ "కాదు" అని చెప్పే మోడల్ కూడా గడి గడికీ లెక్కేస్తే 82.5 శాతం తెచ్చుకుంటుంది. సైకిట్‌లెర్న్‌లో `accuracy_score` ఇందుకు పూర్తిగా ఉల్టా, లేబుళ్లన్నీ సరిపోతేనే ఒక మార్కు, మూడింటిలో రెండు పట్టినా సున్నాయే. అందుకే లేబుల్‌కో ఎఫ్1 చూడటం అలవాటు చేసుకున్నాను. నిజంగా బోరింగు గురించిన మెసేజీలు 40 ఉంటే, మోడల్ 30 చూపించి అందులో 24 సరైనవైతే, చూపించినవాటిలో సరైనవి, అంటే ప్రెసిషన్ 0.80, ఉన్నవాటిలో పట్టినవి, అంటే రీకాల్ 0.60, రెండిటినీ కలిపి చూసే ఎఫ్1 దాదాపు 0.69. మొత్తానికి ఒకే అంకె కావాలంటే ప్రతి లేబుల్ ఎఫ్1నీ సమానంగా లెక్కేసే మ్యాక్రో సగటు చూస్తాను. లేబుళ్లన్నిటినీ కలగలిపి లెక్కేసే మైక్రోలో ఎక్కువగా వచ్చే భత్తా మెసేజీలదే పెత్తనం, బోరింగు కూలిపోయినా తెలియదు.

చివరగా థ్రెషోల్డ్, అంటే అంకె ఎంత దాటితే "అవును" అనుకోవాలనే గీత. అన్నిటికీ 0.5 అనేది ఎక్కడా రాసిపెట్టి లేదు, పైగా `pos_weight` పెట్టాక దానికి అసలు అర్థమే లేదు. వ్యాలిడేషన్ డేటా మీద ప్రతి లేబుల్‌కీ 0.1 నుంచి 0.9 దాకా జరుపుతూ ఎఫ్1 బాగున్నచోట ఆపాను, టెస్ట్ డేటాని ముట్టుకోలేదు. భత్తాకి మాత్రం ఎఫ్1ని వదిలేసి రీకాల్ 0.95కి తగ్గకుండా ఉండే అతి పెద్ద థ్రెషోల్డ్ తీసుకున్నాం. తప్పుగా వచ్చిన మెసేజ్‌ని మాస్టారు చూడగానే పక్కన పెట్టేస్తారు, కానీ రాకుండా పోయిన మెసేజ్ వెనక ఒక ముసలావిడకి ఇంకో నెల డబ్బులు ఆగిపోతాయి. బోరింగుకి వ్యాలిడేషన్‌లో ఉదాహరణలు మరీ తక్కువ, అందుకని దాని థ్రెషోల్డ్ మీద నాకు ఇంకా నమ్మకం కుదరలేదు, కొత్త మెసేజీలకి లేబుళ్లు వేయించాక మళ్లీ లెక్కిస్తాను.